గుండీలతో పేర్చిన నాలుగో పాదం

అక్కా,

నమస్కారం. ముందు లెంపలు వేసుకుంటున్నాను, ఆ తర్వాతే మిగతా సంగతులు. నీ ఉత్తరం వచ్చి ఇరవై రెండు రోజులైంది. జవాబు రాయనిది తీరిక లేక కాదు, కారణం ఉంది, వస్తాను దానికి. మేమంతా బాగున్నాం. అమ్మ బాగుంది, జ్వరం మళ్ళీ రాలేదు. అక్కడ నువ్వూ బావగారూ పిల్లా కులాసాగా ఉన్నారనుకుంటాను. కౌంటర్ దగ్గరే కూర్చుని ఫోన్లో టైపు చేస్తున్నాను, మధ్యలో బేరం వస్తే ఆపుతాను, కనుక ఎక్కడైనా మాట తెగితే నువ్వే అతికించుకో.

నువ్వడిగినవాటికి వరసగా చెప్పేస్తాను. అమ్మ అన్నం సరిగ్గా తింటోంది, చారు ఎక్కువ, కూర తక్కువ. మాత్రలు నేనే వేస్తున్నాను, మీ మరదలు వేస్తే నాలుక కింద దాచి పారేస్తోందని తెలిసింది. వెనక గదిలో కిటికీ బిగించాం, నాన్న కుట్టు మిషను కిటికీ పక్కకి జరిపాం. వెలుతురు బాగా పడుతోంది. అమ్మ దాని మీద మోచెయ్యి ఆనించి కూర్చుంటుంది, కుట్టదు. బావగారి కోటుకి గుండీలు పంపమన్నావు. రంగు చెప్పకుండా 'మంచివి' అంటే ఎలా అక్కా? నా కొట్లో చెడ్డవి ఎక్కడున్నాయి? ఫోటో పంపించు.

ఫోటో అంటే గుర్తొచ్చింది. నువ్వూ ఒక ఫోటో అడిగావు. నాన్న కొలతల పుస్తకంలో నాకు దొరికిన నాలుగో పాదం ఏ పేజీలో ఉందో ఫోటో తీసి పంపమన్నావు. దాని కిందే ఇంకో ముక్క రాశావు: "తమ్ముడూ, ఈ పాదంలో ఇరవై ఒక్క అక్షరాలున్నాయి. మిగతా మూడింట్లో ఇరవయ్యే. నాన్న గుడ్డ కత్తిరించే ముందు మూడుసార్లు కొలిచే మనిషి. ఇది ఎవరిది?"

ఆ ఒక్క ముక్కే అక్కా, ఇరవై రెండు రోజులు నన్ను కూర్చోబెట్టింది.

జ్వరంతో ఆస్పత్రిలో పదకొండు రోజులుండి ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున అమ్మ మిషను ముందు కూర్చుని, నాన్న దేవుడికి దణ్ణంగా కట్టుకున్న పద్యం ఎప్పటిలాగే మొదలుపెట్టింది.

నేతయు నీవె దారమును నీవె కదా నను నేయువాడవున్
పాతల పోగు నా బ్రదుకు పట్టుము కుట్టుము నీదు చేతితోన్
చేతికి సూది నాటినను చెంతనె యుండుచు కాచినాడవే

అక్కడ ఆగిపోయింది. మళ్ళీ మొదటికి వెళ్ళింది, మళ్ళీ అక్కడే ఆగింది. మూడోసారి నా వైపు చూసి, "నాలుగోది ఏంట్రా?" అంది.

నాకు తెలిస్తే కదా! నీకూ తెలియదు. ఎందుకు తెలియదో నీకు గుర్తుందా? పొద్దున్నే నాన్న మిషనుకి దారం ఎక్కిస్తూ ఆ పద్యం ఎత్తుకునేవారు. ఒక్కో పాదాన్నీ అంత దూరం సాగదీసేవారు. మూడో పాదానికి వచ్చేసరికి మనిద్దరం చెప్పులేసుకుని వీధిలో ఉండేవాళ్ళం, నువ్వు బడికి, నేను నీ వెనక. పెద్దయ్యాక నేను ఆ వేళకి కొట్టు తెరవడానికి పోయేవాణ్ణి. నాలుగోది మన చెవిన ఎప్పుడూ పూర్తిగా పడలేదు. అది అమ్మా నాన్నలిద్దరి మధ్యే ఉండిపోయింది. ఇప్పుడు నాన్న లేరు, అమ్మకి గుర్తు లేదు.

వారం రోజులు అలా మూడు పాదాల దగ్గర ఆగి ఆగి, ఎనిమిదో రోజున అమ్మ అసలు మొదలుపెట్టడమే మానేసింది. మిషను ముందు కూర్చుంటుంది, చేతులు జోడిస్తుంది, లేచి వచ్చేస్తుంది. "సగం దణ్ణం పెట్టి రావడం నాకు బాగా లేదురా" అంది. ఆ మాటతో అన్నం కూడా సగమే తినడం మొదలైంది. డాక్టరేమో నీరసం అంటాడు. నాకు తెలుసు అది నీరసం కాదని.

ఇక నిజం చెప్తాను అక్కా, ఆ పాదం కొలతల పుస్తకంలో దొరకలేదు. ఆ పుస్తకంలో చొక్కాల పొడుగులు, నడుం కొలతలు తప్ప ఏమీ లేవు, మూడుసార్లు తిరగేశాను. నీకు రాసింది అబద్ధం. అమ్మకి చెప్పిందీ అదే అబద్ధం. అది నేను రాశాను.

ఇప్పుడు నవ్వు. గుండీలమ్ముకునేవాడు ఉత్పలమాల రాయడమేంటని నవ్వు. మీ మరదలు నవ్వేసింది, ఇంకా నవ్వుతూనే ఉంది.

అసలెలా మొదలైందంటే, మన కొట్టుకి ప్రూఫుల మాస్టారని ఒకాయన వస్తాడు. ప్రెస్సులో తప్పులు దిద్ది దిద్ది రిటైరైన మనిషి. చొక్కా గుండీ ఊడినప్పుడల్లా వస్తాడు, గుండీ ఊడకపోయినా వస్తాడు. ఆయన్ని అడిగాను, "మాస్టారూ, మూడు పాదాలున్నాయి, నాలుగోది కావాలి, ఎలా?" అని.

"ముందు ఆ మూడూ ఎలా కుట్టారో చూడవయ్యా. విప్పి చూడకుండా జత ఎలా కుడతావు?" అన్నాడు.

విప్పి చూపించాడు. నేను మర్చిపోతానని గుండీలతో పేర్చుకున్నాను. కోటు గుండీ అంటే గురువు, చొక్కా గుండీ అంటే లఘువు. దీర్ఘం ఉంటే పెద్ద గుండీ. సున్నా ఉన్నా, పొల్లు ఉన్నా పెద్దదే. 'పట్టుము'లో 'ప' చూడ్డానికి చిన్నదే, కానీ వెనక 'ట్టు' బరువు మీద పడేసరికి అదీ పెద్దదైపోతుంది. అలా 'నేతయు' అంటే పెద్దది, చిన్నది, చిన్నది. అది భగణం. 'నీవె దా' అంటే పెద్దది, చిన్నది, పెద్దది, రగణం. 'రమును' మూడూ చిన్నవే, నగణం. తర్వాత 'నీవె క', 'దా నను' రెండూ భగణాలు. 'నేయువా' మళ్ళీ రగణం. చివర 'డవున్' ఒక చిన్నదీ ఒక పెద్దదీ. భ, ర, న, భ, భ, ర, చివర లగం. ఎనిమిది పెద్ద గుండీలు, పన్నెండు చిన్న గుండీలు, మొత్తం ఇరవై. మూడు పాదాలూ కౌంటర్ మీద పేర్చి చూస్తే ఒకే అచ్చు అక్కా! నాన్న ఒక్క గుండీ కూడా పక్కకి జరగనివ్వలేదు.

అలా పేర్చి కూర్చుంటే ఒకావిడ వచ్చి, "ఆ నల్ల కోటు గుండీ ఇవ్వండి, అచ్చం అలాంటిదే పోయింది" అంది.

"అది ఇవ్వలేనమ్మా, రగణంలో ఉంది" అన్నాను నోరు జారి.

"రగణమో గిగణమో, గుండీయే కదా?" అంది. లోపల్నుంచి మీ మరదలు, "మీరు గుండీలమ్ముతారా, గుండీలతో పద్యాలు కుట్టుకుంటారా?" అని కేక. ఆవిడకి వేరే గుండీ వెతికిచ్చి పంపేసరికి తలప్రాణం తోకకొచ్చింది.

నా మొదటి పాదం ఇది: 'ఊతము నీవె కావలయు నెప్పుడు నా దరి నుండుమో ప్రభూ'. గుండీలన్నీ సరిపోయాయి. రెండో అక్షరం 'త' కావాలి, ప్రాస అదే కదా, నేత, పాత, చేత అన్నాక ఊత పడింది, ఎగిరి గంతేశాను. మాస్టారు కళ్ళజోడు పైకి తోసి, పదో అక్షరం మీద వేలు పెట్టాడు. "మొదటి అక్షరానికి ఇక్కడ చుట్టం కావాలి. నాన్నగారు చూడు, 'నే'కి 'నీ', 'పా'కి 'ప', 'చే'కి 'చెం' పెట్టారు. నువ్వు 'ఊ'తో మొదలుపెట్టి ఇక్కడ 'నెప్పుడు' అన్నావు. అందులో ఉన్నది ఎ. ఊకి ఉ, ఒ, ఓ చుట్టాలు. ఎ కాదు" అన్నాడు. యతి అంటే అంతే, పాదం మధ్యలో చొక్కా పట్టీ కలిసే చోటు. అక్కడ కలవకపోతే మొత్తం వంకర.

మార్చాను: 'ఊతము నీవె కావలయు నోర్పును నేర్పును నీయుమో ప్రభూ'. ఊకి ఓ కలిసింది. గణాలు, యతి, ప్రాస మూడూ కుదిరాయి. మాస్టారు రెండుసార్లు చదివి పెదవి విరిచాడు.

"తప్పుందా?"

"తప్పు లేదయ్యా. దణ్ణమే లేదు. ఓర్పు ఇయ్యి, నేర్పు ఇయ్యి అని ఆఫీసుకి అర్జీ పెట్టినట్టుంది. పైన మూడు పాదాల్లో మీ నాన్న ఏం అడిగాడు? ఒక్కటే, కుట్టుకోమన్నాడు. ఆ మనిషి నాలుగోసారి జాబితా ఇస్తాడా?"

నిజమే కదక్కా. అది పడేశాను. నాలుగు రోజుల తర్వాత, పాత దుప్పటికి అతుకు వేస్తున్న మీ మరదలికి దారం అందిస్తుంటే, ఏదీ లెక్కపెట్టకుండా నోట్లోంచి వచ్చేసింది:

అతుకులు నాకు చాలునిక హాయిగ నీదరి నుండనీ ప్రభూ

ఎంత బాగుందో చూడు! నడక ఉంది, దణ్ణం ఉంది. గుండీలు పేర్చాను. మాస్టారు నాకో కాగితం మీద రెండు వరసలు రాసిచ్చాడు, పైన ఉత్పలమాల, కింద చంపకమాల, చుట్టాల్లాంటివి తెలుసుకో అని. నేను సంబరంలో కింది వరసతో పోల్చుకున్నాను. గుండీకి గుండీ సరిపోయింది. పధ్నాలుగు చిన్నవి, ఏడు పెద్దవి. యతి పదకొండో అక్షరం, అకి హా కలిసింది. తప్పెక్కడుంది? ఆయన ఆ వారం ఊళ్ళో లేడు. ఆగలేకపోయాను. మధ్యాహ్నం అమ్మ దగ్గరికి వెళ్ళి, "దొరికిందే అమ్మా, కొలతల పుస్తకంలో!" అన్నాను. ఆ సాయంత్రమే నీకూ రాసేశాను.

అమ్మ మొహం వెలిగింది. మర్నాడు మళ్ళీ మొదలుపెట్టింది. కానీ అక్కా, నాలుగోదానికి వచ్చేసరికి ప్రతిరోజూ చిన్న తడబాటు. 'కాచినాడవే' అన్నాక అడుగు పెట్టబోయి ఆగుతుంది. "ఏంట్రా, మూడు పాదాలూ పెద్ద అడుగుతో మొదలవుతాయి, ఇది రెండు చిన్న అడుగులు వేయిస్తోంది. గడపలో కాలు తట్టుకున్నట్టుంది. పుస్తకంలో సరిగ్గా చూశావా?"

"చూస్తానమ్మా" అన్నాను. ఇంకో అబద్ధం. సరిగ్గా అప్పుడే నీ ఉత్తరం వచ్చింది, ఇరవై ఒకటని. అమ్మ కాలితో పట్టింది, నువ్వు లెక్కతో పట్టావు.

మాస్టారు తిరిగొచ్చాక చూపిస్తే పొట్ట పట్టుకుని నవ్వాడు. "చక్కటి చంపకమాల పాదమయ్యా! కాకపోతే మూడు ఉత్పలమాలల పక్కన కూర్చోబెట్టావు. రెండిటికీ తేడా మొదట్లోనే. ఉత్పలమాలలో ముందున్న పెద్ద గుండీ తీసి రెండు చిన్నవి పెడితే చంపకమాల. మిగతా అంతా ఒకటే. నీ పాదంలో 'హాయిగ' నుంచి చివరిదాకా ముట్టుకోకు, అది దేవుడిచ్చింది. ముందు సగం విప్పి, పెద్ద గుండీతో మొదలుపెట్టు. రెండో అక్షరం తకారమే ఉండాలి, 'హా'కి చుట్టం కావాలి కనుక మొదటిది ఆ అయితే మంచిది."

అంటే 'ఆత' అని మొదలయ్యే మాట. ఎన్ని ఉన్నాయక్కా చెప్పు? పద్దెనిమిది రోజులు వెతికాను. బేరమాడేవాళ్ళ నోట్లో వెతికాను, దినపత్రికలో వెతికాను. ఎక్కడా పడలేదు.

పోయిన గురువారం పొద్దున అమ్మకి మాత్ర వేస్తున్నాను. కొట్టు తెరిచే టైము దాటిపోతోంది. గ్లాసు నోటి దగ్గర పెట్టి, "త్వరగా మింగమ్మా, తాళాలు తియ్యాలి" అన్నాను. అమ్మ గ్లాసు పక్కకి తోసింది. "ఎందుకురా నీకంత ఆత్రం? నీళ్ళు కూడా నింపాదిగా తాగనివ్వవు" అంది.

ఆత్రం! చేతిలో గ్లాసు అలాగే పట్టుకుని నిలబడిపోయాను. ఆత్రం అంటే పనికిరాదు, 'త్ర' ప్రాసకి కుదరదు. కానీ పూర్తి మాట ఆతురం. ఆ, తు, ర. పెద్దది, చిన్నది, చిన్నది. భగణం. కొట్టు తెరిచి, గుండీల డబ్బా బోర్లించి, నిలబడే పేర్చాను:

ఆతురమేల నాకికను హాయిగ నీదరి నుండనీ ప్రభూ

ఆతుర, మేల నా, కికను, హాయిగ, నీదరి, నుండనీ, ప్రభూ. ఎనిమిది పెద్దవి, పన్నెండు చిన్నవి. మాస్టారు వచ్చి వేలితో ఒక్కో గుండీ ముట్టుకుంటూ చదివాడు. "పై పాదంతో కలిపి చదివితే 'కాచినాడవే యాతుర' అవుతుంది, యా అన్నా హాకి చుట్టమే, ఫరవాలేదు" అని, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తప్పు లేనప్పుడు ఆయనకి ఏం చెయ్యాలో తోచదు పాపం.

మర్నాడు పొద్దున అమ్మకి చెప్పాను, "పుస్తకంలో చివరి పేజీ సరిగ్గా చూశానమ్మా, ఇలా ఉంది" అని. అమ్మ మిషను మీద మోచెయ్యి ఆనించి, నాలుగు పాదాలూ చెప్పింది. గడప దగ్గర తట్టుకోలేదు. 'ప్రభూ' అని ఆగి, చేతులు జోడించి, చాలాసేపు అలాగే ఉంది. ఇక దిగులు లేదనుకుని లేవబోయాను.

"కూర్చోరా" అంది. "మీ నాన్న ఒక చొక్కాకి ఒక పూట. గుండీ కుట్టి, దారం కొరికి, మళ్ళీ విప్పి కుట్టేవాడు. ఆయన జన్మలో ఎప్పుడైనా ఆత్రపడ్డాడా?"

"లేదు."

"లేని ఆత్రాన్ని వద్దని దేవుడికెందుకు చెప్పుకుంటాడు? ఈ ఇంట్లో ఆత్రం ఎవరిది?"

నేను జేబులో తాళాల గుత్తి తడుముకున్నాను.

"నాలుగోది నీది. ఇదివరకటిదీ నీదే, నాకు అప్పుడే తెలుసు. కొలతల పుస్తకంలో ఆయన పద్యం రాస్తాడా? కాగితం వృథా అని చొక్కా చేతి కొలత కూడా మూలకి ఇరికించే మనిషి."

"మరి తెలిసీ ఎందుకు చదివావమ్మా?"

"నువ్వు తెచ్చావు కదరా. ఆకలితో ఉన్నవాళ్ళకి అన్నం పెడితే ఎవరు వండారని అడుగుతామా?"

అప్పుడు చెప్పానక్కా అమ్మకి, ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పనిది. నీకూ ఇప్పుడే చెప్తున్నాను. నాన్న పోయే ముందు ఏడాది, ఒక పొద్దున నన్ను పిలిచి, "ఆ పద్యం రాసుకోరా, నాలుగు పాదాలే" అన్నారు. నేను తాళాల గుత్తి చేతిలో పట్టుకుని గుమ్మంలో ఉన్నాను. "సాయంత్రం రాస్తాను నాన్నా, కొట్టు తియ్యాలి" అన్నాను. సరే అన్నారు, ఆయన ఎప్పుడైనా కాదన్నారా? సాయంత్రాలు చాలా వచ్చాయి. నేను అడగలేదు, ఆయన మళ్ళీ చెప్పలేదు. నాలుగు పాదాలు, ఎనభై అక్షరాలు, ఎంతసేపు పడుతుంది? ఒక డజను గుండీలు లెక్కపెట్టేంతసేపు కూడా పట్టదు. ఆ పాదం జ్వరంలో పోలేదక్కా. ఆ గుమ్మంలో నేనే పోగొట్టాను.

అమ్మ నా చెయ్యి తీసుకుని మిషను చక్రం మీద పెట్టి, దాని మీద తన చెయ్యి పెట్టింది. కాసేపటికి, "ఆయనది ఆయన దగ్గరే ఉండనీ. ఇది నీ దగ్గర పుట్టింది, నిజంగా నీకు కావలసిందే అడిగావు. అందుకే తట్టుకోకుండా వస్తోంది" అంది. తర్వాత, "పొద్దెక్కింది, కొట్టు తియ్యవా?" అంది.

"తీస్తాలేమ్మా" అని కూర్చున్నాను. ఆ రోజు కొట్టు గంట ఆలస్యంగా తెరిచాను. వీధిలో అందరూ ఒంట్లో బాగోలేదా అని అడిగారు.

అప్పట్నుంచి అన్నం పూర్తిగా తింటోంది. మాత్ర కూడా పేచీ లేకుండా మింగుతోంది. నాకు మాత్రం ఇంకో పని పడింది. పొద్దున్నే తనతో పాటు నేనూ నాలుగు పాదాలూ చెప్పాలట. చెప్తున్నాను, కానీ నాది గుండీలు లెక్కపెట్టినట్టే ఉంటోంది. మూడో పాదంలో 'చెంతనె' దగ్గర నాన్న గొంతు పైకి ఎత్తి కాసేపు నిలిపేవారు చూడు, దానికి అమ్మకి ఇప్పుడు ఊపిరి చాలడం లేదు, నాకు రాదు. "మీ అక్కకి వచ్చు. వీధిలోకి వెళ్ళాక కూడా అదే పాడుకుంటూ నడిచేది" అంది నిన్న. ఉత్తరంలో రాసి పంపడానికి అది అక్షరం కాదు కదా, నువ్వే రావాలి. పద్యం కాగితం మీద నాలుగు ప్రతులు రాసి ఉంచాను, ఈసారి సాయంత్రానికి వాయిదా వెయ్యలేదు. నీ ప్రతి నాన్న మిషను సొరుగులో ఉంది.

బావగారికి నమస్కారాలు, గుండీల రంగు మర్చిపోవద్దని చెప్పు. అబద్ధానికి తిట్టాలనుంటే ఉత్తరంలో తిట్టకు, ఎదురుగా కూర్చుని నింపాదిగా తిట్టు. ఎప్పుడొస్తున్నావక్కా? మనం ముగ్గురం మిషను దగ్గర కూర్చునేది ఎప్పుడు?

ఇట్లు,
తాళాల గుత్తి కింద పెట్టి రాసిన
నీ తమ్ముడు